మతిమరుపు వెనక, గ్యాస్ నొప్పి వెనక దాక్కునే దిగులు: రిటైరైన పెద్దలున్న ఇళ్లకి ఒక మార్గదర్శి

"నాకేటీ గుర్తుండట్లేదు బాబూ. బుర్రంతా ఖాళీ అయిపోయింది."

విజయనగరంలో నా క్లినిక్‌కి వచ్చి ఆయన కూర్చుంటూనే అన్న మాట ఇది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కంట్రోలర్‌గా చేసి 62 ఏళ్లకి రిటైరయ్యారు. ఇప్పుడు 65. ఇక్కడ ఆయన్ని కంట్రోలర్ గారనే అంటాను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. పక్కన భార్య, వెనక బొబ్బిలి నుంచి వచ్చిన కూతురు. కూతురి చేతిలో బట్టల షాపు సంచి, దాన్నిండా రిపోర్టులు. ఎండోస్కోపీ చేయించారు, ఈసీజీ, ఎకో తీయించారు, చివరికి మెదడు స్కాన్ కూడా అయింది. స్కాన్ రిపోర్టులో వయసు వల్ల మెదడు కొద్దిగా కుంచించుకుందని ఒక వాక్యం ఉంది. ఆ వయసు వాళ్ల స్కాన్లలో చాలావాటిలో ఉండే వాక్యమే అది. కానీ అది చదివిన రోజు నుంచి ఇంట్లో అందరూ ఆయనకి అల్జీమర్స్ వచ్చేసిందని నమ్మేశారు. ఆయనా నమ్మేశారు.

ఒక సంగతి ముందే ఒప్పుకోవాలి. అంతకు రెండు నెలల ముందు ఆయన గ్యాస్ అని, కడుపులో మంట అని నా దగ్గరికే వచ్చారు. నేను పాంటోప్రజోల్ రాసి పంపించేశాను. నిద్ర ఎలా ఉంది, బరువు ఎంత తగ్గారు, కాంప్లెక్స్ వైపు వెళ్తున్నారా అని అడగలేదు. అడిగి ఉంటే ఇది దిగులు, అంటే డిప్రెషన్ అని అప్పుడే అనుమానం వచ్చేది, ఆ రెండు నెలలు, ఆ స్కాన్ డబ్బులు మిగిలేవి. అందుకే ఈ వ్యాసం. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోవాళ్లు రెండు వారాల్లో ఏం గమనించాలి, ఏం అడగాలి, ఏం రాసిపెట్టుకోవాలి, వైద్యం మొదలయ్యాక ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి అన్నది వరసగా చెప్తాను.

ఒక్క హెచ్చరిక. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకట్రెండు రోజుల్లోనే పొంతన లేకుండా మాట్లాడుతున్నా, పగలు మగతగా ఉండి రాత్రి కలవరిస్తున్నా, లేని మనుషులు కనబడుతున్నారంటున్నా ఈ రెండు వారాల లెక్క పనికిరాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్ పడిపోవడం, సోడియం తగ్గడం, మూత్రం బిగుసుకుపోవడం లాంటివి అలా చేస్తాయి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొదటి పని: ఎప్పుడు మొదలైందో పట్టుకోండి

ఇంట్లో అందరూ కూర్చుని గత ఏడాదిన్నరని నెలల వారీగా గుర్తు చేసుకోండి. తేదీలు గుర్తురాకపోతే పండగలతో పట్టుకోవచ్చు. సిరిమానోత్సవానికి ఎలా ఉన్నారు? సంక్రాంతికి మనవలొచ్చినప్పుడు వాళ్లతో బయటికి వెళ్లారా? రథసప్తమికి అరసవల్లి వెళ్దామంటే వచ్చారా, నడుం నొప్పని ఆగిపోయారా?

దిగులు వల్ల వచ్చే మతిమరుపుకి సాధారణంగా ఒక మొదలు దొరుకుతుంది. "ఉగాది దాటాక మారిపోయారు" అని ఇంట్లోవాళ్లు నెల చెప్పగలుగుతారు. వారాల్లో, కొద్ది నెలల్లో ముదురుతుంది. అల్జీమర్స్ అలా కాదు. ఎప్పుడు మొదలైందంటే ఎవరూ ఒక మాట మీద ఉండరు. ఒకరు రెండేళ్లంటారు, ఒకరు నాలుగంటారు.

కంట్రోలర్ గారి విషయంలో కూతురు కచ్చితంగా చెప్పింది. రిటైరైన మొదటి రెండేళ్లు బాగానే ఉన్నారట. రోజూ సాయంత్రం కాంప్లెక్స్‌కి వెళ్లి పాత కండక్టర్లతో టీ తాగి వచ్చేవారు. ఆ జట్టులో దగ్గరి స్నేహితుడు ఒకాయన గుండెపోటుతో పోయారు. అదే నెలలో కొడుకు హైదరాబాద్‌లో ఫ్లాట్ కొని, రిటైర్మెంట్ డబ్బులో పెద్ద భాగం అడిగి తీసుకున్నాడు. ఆ తర్వాత రెండు వారాలకే గ్యాస్ మొదలైంది. మతిమరుపు దాని తర్వాత వచ్చింది. ఈ వరస చాలా ముఖ్యం. ఒంట్లో నలత, నిద్ర పట్టకపోవడం, ఇష్టాలు వదిలేయడం ముందొచ్చి మరుపు తర్వాత వస్తే దిగులుని గట్టిగా అనుమానించాలి. మరుపు ముందు మొదలై, ఏడాది రెండేళ్ల తర్వాత మనిషి ముడుచుకుపోతే అది వేరే దారి.

రెండో పని: ఏం మర్చిపోతున్నారని కాదు, ఎలా మర్చిపోతున్నారో చూడండి

ఇక్కడ కాస్త ఆగాలి. తేడా ఎక్కువగా తెలిసేది ఇక్కడే.

నేను కంట్రోలర్ గారిని ఈరోజు ఏ వారమని అడిగాను. "తెలీదు బాబూ" అన్నారు. పొద్దున్న ఏం తిన్నారంటే "గుర్తులేదు". మనవడు ఏ తరగతంటే "ఏటో, నాకు తెలీదు". ప్రతి ప్రశ్నకీ ఒకటే జవాబు, అదీ ఆలోచించకుండానే. అల్జీమర్స్ లాంటి మరుపు జబ్బులన్నిటినీ కలిపి డిమెన్షియా అంటారు. అది మొదలైనవాళ్లు చాలామంది ఇలా చేతులెత్తేయరు. వారం అడిగితే ఏదో ఒక వారం చెప్తారు, తప్పైనా సరే. లేదా "పెన్షనర్లకి ఆదివారమైతే ఏంటి, సోమవారమైతే ఏంటి" అని నవ్వి తప్పించుకుంటారు. ప్రయత్నం ఉంటుంది, కప్పిపుచ్చుకోవడం ఉంటుంది. దిగులున్న మనిషి తన మరుపుని తానే ముందు పెట్టి చూపిస్తాడు. ఎవరు ఎక్కువ కంగారు పడుతున్నారో చూడండి. పెద్దాయనే "నా బుర్ర పోయింది" అని పదిసార్లు అంటుంటే దిగులు వైపు మొగ్గు. ఇంట్లోవాళ్లు కంగారు పడుతూ, ఆయన మాత్రం "నాకేమైంది, శుభ్రంగా ఉన్నాను" అంటుంటే డిమెన్షియా వైపు మొగ్గు.

తర్వాత మూడు మాటలు చెప్పి గుర్తుంచుకోమన్నాను: గొడుగు, మామిడికాయ, తాళం. ఐదు నిమిషాలు ఆ మాటా ఈ మాటా మాట్లాడి మళ్లీ అడిగాను. "ఏటీ గుర్తులేదు." అప్పుడు అందించాను. "ఒకటి వానలో పట్టుకెళ్లేది." వెంటనే "గొడుగు" అన్నారు. "ఒకటి ఆవకాయకి కావాలి." "మామిడికాయ." మూడోదానికి నేను అందించే లోపే ఆయనే "తాళం" అన్నారు. అంటే మాటలు లోపలికి వెళ్లాయి, దాచుకున్నారు, బయటికి తీసే ఓపికే లేదు. అల్జీమర్స్‌లో మాట లోపల నిలవడమే కష్టం కాబట్టి అందించినా పెద్దగా ఉపయోగం ఉండదు. "గొడుగా? మీరు ఆ మాట చెప్పారా?" అని మనల్నే అడుగుతారు.

ఇది ఇంట్లో కూడా చేయొచ్చు, కానీ పరీక్ష పెడుతున్నట్టు చేయకండి. టీ తాగుతూ, వంకాయలు కోస్తూ, మాటల్లో చేయండి. ఓడిపోయానన్న ఆలోచన ఇప్పటికే ఆయన్ని తినేస్తోంది. దానికి ఇంకొకటి చేర్చొద్దు.

చివరగా మామూలు మాటగా, "మీరున్నప్పుడు సాలూరుకి పొద్దున్న ఫస్ట్ బస్సు ఎన్నింటికండీ?" అన్నాను. ఆయన మొహం కొద్దిగా మారింది. సాలూరు, పార్వతీపురం, గజపతినగరం మీదుగా వెళ్లేవి, శృంగవరపుకోట వైపువి, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వచ్చేదో వరసగా చెప్పుకుంటూ పోయారు. మధ్యలో భార్య ఒక టైము తప్పు చెప్తే సరిదిద్దారు కూడా. అలాగని పాత జ్ఞాపకం బాగుంటే డిమెన్షియా లేదనుకోకండి, అల్జీమర్స్‌లోనూ పాత సంగతులు చాలాకాలం నిలుస్తాయి. నేను చూసింది ఇంకొకటి. ఇష్టమైన విషయం రాగానే ఆయన ఏకాగ్రత వెనక్కి వచ్చింది, మాట వేగం పెరిగింది. పది నిమిషాల తర్వాత మళ్లీ వాలిపోయారు. దిగులులో ముందు దెబ్బతినేది ఏకాగ్రత. మనసు పెట్టని మాట గుర్తుండదు కదా.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కదాన్నీ తీర్పుగా తీసుకోవద్దు. బీపీ, షుగర్ వల్ల మెదడులో సన్న రక్తనాళాలు దెబ్బతిన్నవాళ్లకి కూడా అందిస్తే మాట గుర్తొస్తుంది. దిగులు, డిమెన్షియా ఒకే మనిషిలో కలిసి ఉండటం కూడా మామూలే. నాలుగైదు గుర్తులు ఒకే వైపు మొగ్గితే దిగులుకి ముందు వైద్యం చేసి చూడాలి, ఇంతే ఇక్కడ తేల్చుకునేది.

మూడో పని: ఒంటి బాధలకి గంటలు వేయండి

మన వైపు పెద్దవాళ్లు "మనసు బాలేదు" అని అనరు. ఆ మాటలు వేరు: గ్యాస్, నీరసం, కాళ్ల మంటలు, తల బరువు, గుండె దడ, నోరు చేదు, తినబుద్ధెయ్యట్లేదు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు. దిగులు నిజంగానే పేగుల కదలికని, ఆకలిని, నిద్రని, నొప్పిని భరించే శక్తిని మార్చేస్తుంది. "ఏడుపు రావట్లేదు కదా, ఇంక డిప్రెషనెక్కడిది?" అని ఇంట్లోవాళ్లు అంటారు. ముసలితనంలో ఏడుపు లేని దిగులే ఎక్కువ కనిపిస్తుంది. చిరాకు, మాట తగ్గిపోవడం, ఏదీ రుచించకపోవడం మాత్రం ఉంటాయి.

ఒక నోటుపుస్తకం తీసుకుని పది రోజులు మూడు సంగతులు రాయండి. మొదటిది, రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది. వయసు వల్ల నిద్ర తగ్గడం మామూలే. కానీ రోజూ తెల్లవారుజామున మూడింటికో, మూడున్నరకో తెలివొచ్చి, మళ్లీ నిద్రపట్టక, అప్పుడే చెడ్డ ఆలోచనలన్నీ ముసురుకోవడం దిగులు చేసే పని. రెండోది, పొద్దున్న ఎలా ఉన్నారు, సాయంత్రం ఎలా ఉన్నారు. లేవగానే నరకంలా ఉండి, సాయంత్రం ఐదు దాటాక కాస్త తేలికపడి రెండు మాటలు మాట్లాడుతున్నారా? గ్యాస్‌కి అలాంటి గడియారం సాధారణంగా ఉండదు. మూడోది, బరువు. కిందటేడు వెళ్లిన పెళ్లి ఫొటోల్లో చొక్కా ఎలా ఉందో, ఇప్పుడు మెడ దగ్గర ఎంత వదులైందో చూసినా తెలుస్తుంది.

కంట్రోలర్ గారి భార్య రాసిన పుస్తకం నా దగ్గరికి వచ్చింది. పెన్సిల్‌తో, అక్షరాలు కాస్త వంకరగా. "3.10 లేచారు. హాల్లో కూకున్నారు. లైటెయ్యొద్దన్నారు." మర్నాడు "3.00". ఆ మర్నాడు "2.50. కడుపులో మంటన్నారు, నీళ్లిచ్చాను." సాయంత్రం వరసలో ఒకచోట మాత్రం "పక్కింటి గుంట వచ్చింది, దానితో నవ్వేరు" అని ఉంది. బరువు ఆరు నెలల్లో 68 కిలోల నుంచి 61కి వచ్చింది. అంత మందపు రిపోర్టుల సంచిలో నాకు దొరకని సమాచారం ఆ పుస్తకంలో దొరికింది.

బరువు ఇంతగా తగ్గితే మిగతా కారణాలు కూడా చూడాల్సిందే. థైరాయిడ్, షుగర్, క్షయ, క్యాన్సర్ లేవని తేలాలి. ఈయనకి అవి చూశాం. దిగులు కనబడింది కదా అని ఒంటి పరీక్షలు మానేయడం ఇంకో రకం పొరపాటు.

నాలుగో పని: అడగండి, మన మాటల్లో

"నీకు డిప్రెషనా నాన్నా?" అంటే జవాబు రాదు, కోపం వస్తుంది. "బెంగ" అన్న మాటకి మాత్రం మన ఇళ్లలో సిగ్గు లేదు. "దేనికో బెంగ పెట్టుకున్నట్టున్నావు" అంటే మాట కదులుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు, సాయంత్రం పూట అడగండి. నలుగురి ముందు కాదు, ఫోన్ స్పీకర్లో పెట్టి అసలే కాదు.

రెండు ప్రశ్నలతో మొదలుపెట్టండి. గత రెండు వారాల్లో, ఇదివరకు ఇష్టంగా చేసేవాటి మీద మనసు పోకుండా ఎన్ని రోజులున్నారు? దిగులుగా, ఇంక ఏమీ లేదన్నట్టుగా ఎన్ని రోజులున్నారు? ఒక్కోదానికి అసలు లేకపోతే 0, కొన్ని రోజులైతే 1, సగానికి పైగా అయితే 2, దాదాపు రోజూ అయితే 3. రెండూ కలిపి 3 గానీ ఆపైన గానీ వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెద్దవాళ్లు రెండోదాన్ని తరచు కొట్టిపారేస్తారు, అందుకే మొదటిదాన్ని ఉదాహరణలతో అడగండి. పేపరు చదువుతున్నారా? టీవీలో క్రికెట్ పెడితే చూస్తున్నారా? కంట్రోలర్ గారు పేపరు మడత విప్పకుండానే పక్కన పెట్టేస్తున్నారని భార్య చెప్పింది.

డాక్టర్ల దగ్గర పెద్దవాళ్ల కోసమే చేసిన 15 ప్రశ్నల పట్టిక ఉంటుంది, జీడీఎస్ అంటారు. అన్నిటికీ అవును, కాదు అని చెప్తే చాలు. అందులో నిద్ర, ఆకలి గురించి ప్రశ్నలు కావాలనే పెట్టలేదు, ఎందుకంటే అవి ఏ జబ్బుతోనైనా వస్తాయి. ఎక్కువగా లోపలి సంగతులే అడుగుతుంది: జీవితం ఖాళీగా అనిపిస్తోందా, ఇంట్లోనే ఉండిపోవాలనిపిస్తోందా, ఎందుకూ పనికిరానని అనిపిస్తోందా. మార్కులు 5 దాటితే వివరంగా చూడాలి. కంట్రోలర్ గారికి 11 వచ్చాయి.

ఉద్దానంలో ఉన్నవాళ్లకి ఇది మరీ అవసరం. కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బున్న పెద్దవాళ్లకి నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం జబ్బు వల్లే ఉంటాయి. ఆ బాధల్ని చూసి దిగులని చెప్పలేం, లేదనీ చెప్పలేం. అక్కడ లోపలి ప్రశ్నలనే నమ్ముకోవాలి. డయాలసిస్ నుంచి వచ్చిన రోజు కాకుండా, కాస్త తేరుకున్న రోజు అడగండి. మందుల మోతాదు క్రియాటినిన్ చూసి నిర్ణయిస్తారు, కాబట్టి ఆ రిపోర్టు వెంట ఉండాలి.

ఇంక అందరూ దాటేసే ప్రశ్న. "బతకాలని లేదనిపిస్తోందా నాన్నా?" అడిగితే లేని ఆలోచన పుట్టదు. అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. "దేవుడు తీసుకుపోతే బాగుణ్ణు" అని పెద్దవాళ్లు మామూలుగానే అంటారు, దాన్ని అక్కడితో వదలకుండా ఇంకొక్క మెట్టు దిగి, "మీరే ఏదైనా చేసుకోవాలని అనిపించిందా? ఎలాగని అనుకున్నారా?" అని అడగాలి. అవునంటే ఒంటరిగా వదలకూడదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే బయటికి పంపేయండి. నిద్రమాత్రలు వేరేవాళ్ల దగ్గర ఉండాలి. బ్యాంకు పుస్తకాలు, ఎల్ఐసీ కాగితాలు ఎక్కడున్నాయో ఉన్నట్టుండి హడావుడిగా అందరికీ చెప్పడం మొదలుపెడితే దాన్ని బాధ్యత అనుకుని ఊరుకోవద్దు. రాత్రీ పగలూ ఎప్పుడైనా 14416కి ఫోన్ చేయొచ్చు. టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఐదో పని: మందుల సంచి మంచం మీద బోర్లించండి

అన్ని మందులూ, అలమారలో మిగిలినవీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవీ, పక్కింటివాళ్లిచ్చినవీ. కంట్రోలర్ గారి దుప్పటి మీద తొమ్మిది రకాలు తేలాయి. అందులో రెండు ఆయన మరుపుని పెంచుతున్నాయి. ఒకటి ఆల్ప్రాజొలం 0.5, ఎప్పుడో పది రోజులకి రాసిన నిద్రమాత్ర, ఐదు నెలలుగా వాడుతున్నారు. రెండోది జలుబుకని తెచ్చుకుని రోజూ రాత్రి వేసుకుంటున్న క్లోర్‌ఫెనిరమిన్. అది వేస్తే నిద్ర పడుతోందని కొనసాగించారు. పెద్ద వయసులో ఆ రెండూ బుర్రని మసకబారుస్తాయి, తూలి పడేలా చేస్తాయి.

జలుబు మాత్ర ఆ రోజే ఆపించాను. ఆల్ప్రాజొలం మాత్రం ఇంట్లోవాళ్లు ఎప్పుడూ ఒక్కసారిగా ఆపకూడదు. నెలల తరబడి వాడినది హఠాత్తుగా ఆపితే వణుకు, నిద్ర పూర్తిగా పోవడం, ఒక్కోసారి ఫిట్స్ వస్తాయి. డాక్టరు చెప్పినట్టు వారాల మీద తగ్గించాలి.

రక్తపరీక్షల్లో ఈ సందర్భంలో పనికొచ్చేవి కొన్నే: హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, సోడియం, షుగర్, క్రియాటినిన్, కాల్షియం. బి12 లోపం మరుపునీ, కాళ్ల మంటల్నీ, దిగులునీ మూడింటినీ తెస్తుంది. కంటిశుక్లం, చెవుడు కూడా చూపించండి. సరిగ్గా వినబడని మనిషికి గుర్తుండలేదనుకోవడం ఇళ్లలో రోజూ జరిగే అన్యాయం.

ఆరో పని: ఎక్కడికి, ఏ కాగితంతో

విజయనగరం, శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. తిండీ నీళ్లూ మానేసినా, "నా పేగులు కుళ్లిపోయాయి", "డబ్బంతా పోయింది, మనల్ని రోడ్డు మీద పడేస్తారు" అని ఉన్నదానికి విరుద్ధంగా గట్టిగా నమ్ముతున్నా అది తీవ్రమైన దశ. అప్పుడు చేర్చుకుని చూసే చోటికి వెళ్లాలి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అలాంటివాళ్లకి మత్తు ఇచ్చి, తలకి కొద్దిపాటి కరెంటు పెట్టి చేసే ఈసీటీ చికిత్స బాగా పనిచేస్తుంది. సినిమాల్లో చూపించే కరెంటు షాకు భయంతో దాన్ని కాదనుకోకండి.

సైకియాట్రిస్టు అన్న మాటకే పెద్దాయన రానంటే, ముందు ఆయన నమ్మే ఫిజీషియన్ దగ్గరికే తీసుకెళ్లండి. సంచెడు రిపోర్టుల పైన ఒక్క తెల్ల కాగితం పెట్టండి: ఎప్పుడు మొదలైంది, ఏది ముందు ఏది తర్వాత, నిద్ర గంటలు, బరువు, మానేసిన ఇష్టాలు, మందుల పేర్లు, రెండు ప్రశ్నల మార్కులు. కిక్కిరిసిన ఓపీలో డాక్టరు చదివేది ఆ కాగితమే.

ఏడో పని: మొదటి మూడు వారాలు కాపు కాయండి

దిగులు మందుల్ని మధ్యలో ఆపేసే ప్రమాదం ఈ మూడు వారాల్లో ఎక్కువ.

కంట్రోలర్ గారికి ఎస్కిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టాం. పెద్ద వయసువాళ్లకి సాధారణంగా 10 దాటించం. మొదటి వారం కాస్త వికారం, కంగారు ఉండొచ్చని చెప్పాను. వారంలో గుణం ఆశించొద్దని, నాలుగు నుంచి ఆరు వారాలు, పెద్ద వయసులో ఒక్కోసారి ఎనిమిది, పన్నెండు పడుతుందని కూడా చెప్పాను.

పన్నెండో రోజు కూతురు ఫోన్ చేసింది. "డాక్టరు గారూ, నాన్న తూలిపోతున్నారు. రాత్రి బాత్రూమ్ ఎటో తెలీక గోడ పట్టుకు నిలబడ్డారు. ఆ పిచ్చిమందు వద్దని మా అమ్మ గోల చేస్తోంది." ఆ రోజే సోడియం చేయిస్తే 128 ఉంది. మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి. ఎస్కిటలోప్రామ్ లాంటి మందులు పెద్దవాళ్లలో సోడియంని తగ్గించగలవు. బీపీ మాత్రలో హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీరు తీసే మందు కలిసి ఉంటే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆయన బీపీ మాత్రలో అది ఉంది. ఆ రెంటినీ కలవనిచ్చింది నేనే, వారం దాటగానే సోడియం చూడాల్సింది. ఆసుపత్రిలో చేర్చి, బీపీ మాత్ర మార్చి, ఎస్కిటలోప్రామ్ ఆపాం. సోడియం కుదిరాక రాత్రిపూట ఇంకో దిగులు మందు, మిర్టజపీన్ 7.5తో మొదలుపెట్టాం. దానితో సోడియం పడే ప్రమాదం తక్కువ, నిద్ర, ఆకలి కూడా వస్తాయి.

మీరు అడగాల్సింది ఇది: "మా నాన్న బీపీ మాత్రలో నీరు తీసే మందు ఉందా? సోడియం ఎప్పుడు చేయించాలి?" మందు మొదలుపెట్టాక రెండు వారాల లోపల ఒకసారి చేయిస్తే మంచిది. తూలడం, తలనొప్పి, వాంతి, కొత్తగా తికమక కనబడితే అంతదాకా ఆగొద్దు. ఎస్కిటలోప్రామ్ లాంటి మందులతో పాటు ఆస్పిరిన్ గానీ నొప్పి మాత్రలు గానీ వాడుతుంటే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది, నల్లటి విరేచనం కనబడితే వెంటనే చెప్పండి.

ఎనిమిదో పని: ఆయన పని ఆయనకి వెనక్కివ్వండి

జబ్బు మనిషని పాలపాకెట్టు తేవడం దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా అన్నీ లాగేసుకున్నారు ఆ ఇంట్లో. ప్రేమతోనే. అలా రోజంతా కుర్చీలో కూర్చోబెట్టారు. మనసు బాగుపడ్డాక పని చేస్తాడనుకుంటాం గానీ, ఈ జబ్బులో పని ముందు, మనసు తర్వాత. ఒక చిన్న పని, ఒకే టైముకి, రోజూ. ఆయనకి సాయంత్రం ఐదు ఎంచుకున్నాం, పుస్తకంలో ఆయన కాస్త తేలికగా ఉన్నది ఆ వేళే కాబట్టి. మొదటి వారం వీధి చివరిదాకా. రెండో వారం అయ్యకోనేరు గట్టు దాకా. మూడో వారం పాత కండక్టరు ఒకాయన ఇంటికొచ్చి, స్కూటర్ ఎక్కించుకుని కాంప్లెక్స్‌కి తీసుకెళ్లారు. ఇంటికొచ్చి "ఎవరితోనూ మాట్లాడలేకపోయాను" అన్నారట. అయినా మర్నాడు వెళ్లారు. వెళ్లారా లేదా అన్నదే రాసుకోండి, సంతోషపడ్డారా అన్నది ఇప్పుడే వెతకొద్దు.

కొడుకుకీ ఒక పని చెప్పాను. డబ్బు సంగతి. ఎంత తీసుకున్నాడు, ఎంత మిగిలింది, ఎప్పుడెప్పుడు ఎంత తిరిగిస్తాడు, ఒక కాగితం మీద రాసి తండ్రి ముందు పెట్టమన్నాను. దిగులు ఊహల్లోనే ఉంటే మందు చాలు. కొంత నిజంలో ఉంటే ఆ నిజాన్నీ సరిచేయాలి.

తొమ్మిదో పని: మూడు నెలలకి జ్ఞాపకాన్ని మళ్లీ చూడండి

పదో వారానికి కంట్రోలర్ గారు నాలుగున్నరకి లేస్తున్నారు, బరువు 64. ఆల్ప్రాజొలం మెల్లగా తగ్గించి ఆపేశాం. పన్నెండో వారం జీడీఎస్ మార్కులు 4. మళ్లీ మూడు మాటలు చెప్పాను, ఈసారి వేరేవి. రెండు తనంతట తనే చెప్పారు, మూడోది అందిస్తే చెప్పారు.

ఆ మూడోదాన్ని నేను కాగితం మీద రాసుకున్నాను. దిగులు తగ్గాక జ్ఞాపకం చాలావరకు తిరిగొస్తుంది. అయితే 60 దాటాక మొదటిసారి దిగులు వచ్చి, అప్పుడు మరుపు కూడా తోడైనవాళ్లలో కొందరికి తర్వాతి ఏళ్లలో నిజంగానే డిమెన్షియా వస్తుంది. కొందరిలో ఆ దిగులే దాని మొదటి అడుగు. అందుకే "అల్జీమర్స్ కాదు, ఊరికే బెంగే" అని ఫైలు మూసేయకుండా ఆరు నెలలకోసారి అవే పరీక్షలు చేసి పోల్చుకోవాలి. బీపీ, షుగర్ అదుపులో పెట్టుకోవడం ఈ వైద్యంలో భాగమే. బాగున్నారని మందు ఆపేయొద్దు. పూర్తిగా కోలుకున్నాక కూడా కనీసం ఏడాది వాడి, తర్వాత డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. తిరగబెట్టినవి నేను చూసినంతవరకు ఎక్కువగా "బాగానే ఉన్నాను కదా" అని నాలుగో నెలలో ఆపేసినవే.

మొన్న ఆయన పరీక్షకి వచ్చినప్పుడు భార్య ఆ నోటుపుస్తకం మళ్లీ తెచ్చింది. నిద్ర గంటల వరస ఆయనే రాయడం మొదలుపెట్టారు, కంట్రోలర్ల పద్ధతిలో గీతలు కొట్టి: వచ్చిన టైము, వెళ్లిన టైము.